ఏడో ప్రశ్నలోని మనిషి

అనకాపల్లిలో నన్ను ఎరిగినవాళ్ళందరికీ ఒక కథ తెలుసు. అరవైల చివర్లో మా పంచదార మిల్లులో జరిగిన ప్రమోషన్ పరీక్షలో ఏడో ప్రశ్నకి లెక్చరరు పెట్టుకున్న జవాబే తప్పని, దాన్ని పట్టుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణేనని, ఆ విశాఖపట్నం లెక్చరరు నా ముందు నీళ్ళు నమిలాడని. చెప్పిన కొద్దీ కథ ఒళ్ళు చేసింది. మొదట్లో ఆయన నీళ్ళు నమిలాడంతే. పదేళ్ళు పోయాక ఆయనకి చెమటలు పట్టాయి. నాకు మనవలు పుట్టేసరికి కుర్చీలోంచి లేచి నాకు దణ్ణం పెట్టాడు. నేనింకో పదేళ్ళు ఇలాగే చెప్పుకుంటూ పోతే నా కాళ్ళ మీద పడేవాడే.

ఆయన దణ్ణం పెట్టలేదు. నీళ్ళు కూడా నమల్లేదు. నమిలింది నేను. ఇప్పుడు ఎనభై దాటాను, పళ్ళు కూడా లేవు, నమలడానికి నీళ్ళే గతి. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

నేను మిల్లు టైమాఫీసులో గుమాస్తాని. గేటు పక్కన చిన్న గది, అందులో హాజరు పుస్తకం, ఆ పుస్తకం వెనకాల నేను. షిఫ్టు కూత కూసిన దగ్గర్నించి ఎవరు వచ్చారు, ఎవరు ఆలస్యంగా వచ్చారు అన్నది రాయడం నా పని. చెరకు సీజనులో మాడుగుల, రోలుగుంట, కోటపాడు వైపు నించి బళ్ళు వరస కట్టి రోడ్డంతా నిండిపోతే, ఆ ఎడ్ల మధ్యలోంచి దూరి వచ్చే కూలీలకి పది నిమిషాల ఆలస్యం మామూలే.

ఆ రోజుల్లో లేబర్ సూపర్‌వైజర్ పోస్టు ఒకటి ఖాళీ పడింది. కావాలంటే పరీక్ష ప్యాసవాలి. మూడుసార్లు రాయొచ్చు, మూడోసారి తప్పితే ఇక దాని పేరెత్తకూడదు, ఉన్న కుర్చీలోనే రిటైరవాలి. మొత్తం వంద మార్కులు, యాభై వస్తే ప్యాసు. ఎవరూ ప్యాసవకపోతే పోస్టు అలాగే ఖాళీ, ఇద్దరు ప్యాసైతే ఉద్యోగంలో ముందు చేరినవాడిది. ఫ్యాక్టరీ చట్టాలు, షిఫ్టుల లెక్కలు, ఇవన్నీ నాకు మంచినీళ్ళప్రాయం. (మంచినీళ్ళప్రాయం కాదు. ఫరవాలేదు, అంతే.) నన్ను ముంచింది ఇరవై మార్కుల ఒక భాగం. దాన్ని బోధించడానికే హైస్కూలు గదిలో ఆదివారం పొద్దున్న క్లాసు పెట్టేవారు. లెక్చరరు ప్యాసింజరు రైలు దిగి, చేతిలో గొడుగుతో, ఎండైనా వానైనా అదే గొడుగుతో వచ్చేవాడు.

అమెరికాలో ఒక పండితుడు కనిపెట్టాడట. పని చేసే మనిషిని లోపల్నించి తోసేవి ముఖ్యంగా మూడు అవసరాలట. ఒకటి సాధన: పని బాగా చేసి, బాగా చేశానని తనకి తానే తెలుసుకోవాలన్న తపన. రెండోది అనుబంధం: నలుగురూ నన్ను ఇష్టపడాలి, నాతో ఎవరికీ చెడకూడదు అన్న తపన. మూడోది అధికారం: నా మాట వల్ల ఇంకొకడు కదలాలి, నా ముద్ర వాడి మీద పడాలి అన్న తపన. అందరిలోనూ మూడూ ఉంటాయి, ఏది ఎక్కువన్నదే తేడా. పరీక్షలో పది చిన్న వర్ణనలు ఇస్తారు. పేరుండదు, 'ఒక ఉద్యోగి' అని ఉంటుంది. వాడు ఏం చేశాడో మూడు నాలుగు వాక్యాలు. వాడిలో ఏ అవసరం బలంగా ఉందో చెప్పి, కారణం ఒక్క వాక్యంలో రాయాలి. ఒక్కోదానికి రెండు మార్కులు.

వినడానికి ఎంత సులువు! నేనైతే మొదటి క్లాసులోనే, "ఇదేటండీ, మా గేటు దగ్గర కూచుంటే రోజూ కనబడేదే కదా," అన్నాను. అక్కడే నా జాతకం రాసుకున్నాను.

మొదటిసారి వచ్చిన పదిలో ఒకటి మాత్రం ఇద్దర్ని పోల్చమంది. ఇద్దరు మేస్త్రీలు. ఒకడు ఎవరివల్లా కాని లక్ష్యం పెట్టుకుని, అయితే అయింది లేకపోతే లేదు అంటాడు. రెండోవాడు కష్టమైనదే గానీ, గట్టిగా పట్టుపడితే అందేదాన్ని ఎంచుకుని, ఈరోజు ఎంతయింది, నిన్నటికన్నా ఎక్కువా తక్కువా అని ఏ పూటకాపూట అడిగి తెలుసుకుంటాడు. సాధన ఎవరిలో ఎక్కువ? నేను మొదటివాణ్ణి రాశాను. మగాడంటే వాడూ అని కారణం కూడా రాశాను. సున్నా. సాధన ఉన్నవాడు జూదం ఆడడట. మరీ సులువైనదాన్నీ ముట్టడు, మరీ అసాధ్యమైనదాన్నీ ముట్టడు. గెలుపు తన చేతిలో ఉండాలి, ఎంత గెలిచాడో తనకి తెలియాలి.

రెండోసారి ఇంకా ఘోరం. 'ఒక ఉద్యోగి రోజూ మధ్యాహ్నం తోటివాళ్ళందరికీ టీ తెప్పిస్తాడు. ఎవరైనా వాదించుకుంటే మధ్యలో పడి సర్దుతాడు. ఒంటరిగా చేసే పని ఇస్తే దిగులు పడతాడు.' చదవగానే మా బాయిలర్ హౌసు మేస్త్రీ కళ్ళ ముందు కనిపించాడు. వాడూ టీ తెప్పించేవాడు, యూనియన్ ఎన్నికలకి నెల ముందు నించి. నేను 'అధికారం' అని రాశాను. 'టీ తాగించి వోట్లు లాగుతాడు' అని కారణం.

మార్కులు వేశాక లెక్చరరు నన్ను పిలిచి కాగితం చూపించాడు.

"వోట్లు ఎక్కడున్నాయయ్యా ఇందులో?"

"ఇందులో లేవండి. కానీ ఆ మనిషి నాకు బాగా తెలుసండి."

"నీకు తెలిసిన మనిషి గురించి నేను అడగలేదు. నేను రాసిన నాలుగు వాక్యాల గురించి అడిగాను. టీ తెప్పించడం అనుబంధమూ కావచ్చు, అధికారమూ కావచ్చు. ఎందుకు చేశాడన్నది వాక్యాల్లో వెతుక్కోవాలి. ఒంటరి పనికి దిగులు పడ్డాడు, తగువులు సర్దాడు. ఇంకేం కావాలి నీకు?"

"చిత్తం," అన్నాను. బయటికొచ్చాక గొడుగుని తిట్టుకున్నాను. మనిషిని చూడకుండా వాక్యాలు చూసి మనిషిని చెప్పమంటే, జ్వరం మనిషికి వస్తే మందుచీటీ పట్టుకుని నాడి చూడడం లాంటిదే గదా! అప్పట్లో నా బాధ అది.

ఇక మిగిలింది మూడోసారి.

నాతో పాటు చదివేవాడు స్టోర్సులో గుమాస్తా. సాయిబుల కుర్రాడు. నాకన్నా నాలుగేళ్ళు చిన్న, ఉద్యోగంలో కూడా నా తరవాత చేరినవాడు. ఒకర్నొకరం బావా అనుకునేవాళ్ళం. వాడికిది మొదటిసారి. వాళ్ళ నాన్న బెల్లం మార్కెట్టుకి వెళ్ళే దారిలో బెల్లం వండే పెనాలు చేసేవాడు. సాయంత్రాలు ఆ కొట్లోనే మా చదువు. ఠంగు ఠంగుమని సుత్తి దెబ్బల మధ్య 'సాధన, అనుబంధం, అధికారం' అని వల్లించేవాళ్ళం.

లెక్చరరు ఒక ఆదివారం ఇంటిపని ఇచ్చాడు. మీ చుట్టూ ఉన్నవాళ్ళ మీద తలా మూడు వర్ణనలు, పేర్లు లేకుండా, రాసి తెండి, బాగున్నవి పరీక్షలో పెడతాను అన్నాడు.

నేను మొదటిది బావ వాళ్ళ నాన్న, పెనాల మామ గురించి రాశాను. పెనం పూర్తయ్యాక ఆయన వేలితో తట్టి చెవి ఒగ్గేవాడు. నచ్చకపోతే మళ్ళీ కొలిమిలో పెట్టేవాడు. కొన్నవాడు "బెమ్మాండంగా ఉంది మావా" అంటే మొహం తిప్పుకునేవాడు.

"బాగుందని నాకు సెప్పకు. రెండు వంటలయినాక రా. అడుగంటిందో లేదో అది సెప్పు," అనేవాడు.

ఆయన చేతికింద పనికి సొంత తమ్ముడు అడిగినా ఇవ్వలేదు. ఎక్కడి నించో, మాట పొసగని ఒక పనివాణ్ణి తెచ్చుకున్నాడు. వాడి చేతిలో పని ఉందట. ఇంతకన్నా సాధన ఎక్కడుంటుంది?

రెండోది బావ మీదే రాశాను, వాడికి తెలియకుండా. టీ కొట్లో ఎవడు ఏ బల్ల మీద కూచోవాలో వాడే చెప్పేవాడు. అవతలివాడు ఒప్పుకునేదాకా వాదన వదిలేవాడు కాదు, ఒప్పుకోగానే ఆ విషయం మీద వాడికి సరదా పోయేది. స్టోర్సులో కొత్తగా చేరినవాళ్ళు నడక కూడా వాడిలాగే నడిచేవారు. అది చూసి లోపల్లోపల మురిసిపోయేవాడు. అధికారం, నిక్షేపంలాంటి అధికారం.

మూడోది ఏం రాశానో గుర్తులేదు. అంటే, గుర్తుంది. నా గురించి రాసుకున్నాను. 'ఒక ఉద్యోగి పగలూ రాత్రీ శ్రమించి' అని మొదలెట్టాను. లెక్చరరు దాని పక్కన 'నమ్మశక్యంగా లేదు' అని రాసి తిరిగిచ్చాడు.

పరీక్ష దగ్గర పడింది. పెనాల కొట్లో చదువు జోరుగా సాగింది అని రాయాలని ఉంది. నేను చదివింది తక్కువ. బావ రాకపోతే పుస్తకం తీసేవాణ్ణి కాదు. ఒకసారి వాడికి జ్వరం వచ్చి వారం రోజులు రాలేదు, ఆ వారం నేను మార్కెట్టులో అందరి దగ్గరా కూచుని కబుర్లు చెప్పి వచ్చాను.

"ఏటి బావా, ఏ పాఠం దాకా వచ్చేవు?" అని జ్వరం తగ్గాక అడిగాడు.

"నువ్వొదిలేసిన కాడే ఉన్నాను."

"వారం రోజులు ఏటి సేసేవు మరి?"

"నీకెలా ఉందో అని బెంగెట్టుకున్నాను బావా."

"నా జ్వరానికి నీ బెంగేటి మందా? ఇలా అయితే నువ్వు సూపర్వైజరు అయినట్టే. రేపు ఎవడైనా లేటుగా వత్తే ఆడి మీద రిపోర్టు రాత్తావా, బెంగెట్టుకుంటావా?"

వాడు నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట ముల్లులా దిగింది. ఎందుకంటే వాడికి ఒక సంగతి తెలుసు. నా హాజరు పుస్తకంలో ఆలస్యంగా వచ్చినవాడు లేడు. ఆ ఎడ్ల మధ్యలోంచి రొప్పుతూ వచ్చి "బాబూ, ఈ ఒక్కపాలి" అంటే నా కలం వంగేది. రాసేస్తే వాడు మొహం ముడుచుకుంటాడు, రేపు గేటు దాటుతూ నన్ను చూడడు. అది నేను పడలేను. వచ్చినవాళ్ళంతా వేళకి వచ్చినట్టే రాసేవాణ్ణి.

పరీక్ష రోజు వచ్చింది. హైస్కూలు గదిలోనే. చట్టాలు రాశాను, లెక్కలు రాశాను. పది వర్ణనలకి వచ్చాను. నాలుగోది చదివి నవ్వొచ్చింది. నేను బావ మీద రాసిందే, టీ కొట్టుని క్యాంటీను చేసి పెట్టాడు లెక్చరరు. రెండు బల్లల అవతల బావ తల వంచుకుని రాస్తున్నాడు. గుర్తుపట్టాడా లేదా అని చూశాను. వాడి మీసం కొద్దిగా కదిలింది. ఒక్క నిమిషం ఆగి, చకచకా రాసేసి, కాగితం తిప్పాడు. తరవాత తెలిసింది, 'అధికారం' అనే రాశాడట. కారణం కూడా దివ్యంగా రాశాడట: 'ఇతరులను ఒప్పించడమే ఇతని ఆనందం, ఒప్పించిన విషయం కాదు' అని. తన్ను తానే చదివి రెండు మార్కులు జేబులో వేసుకున్నాడు.

ఏడో ప్రశ్న.

'ఒక ఉద్యోగి హాజరు పట్టీ చూస్తాడు. ఆలస్యంగా వచ్చినవారిని ఆలస్యమని రాయలేడు. ఎవరైనా తనపై మొహం ముడుచుకుంటే ఆ పూట అన్నం సహించదు. స్నేహితుడు పక్కన ఉంటే తప్ప పని మొదలుపెట్టడు.'

అక్షరాలు కాగితం మీంచి లేచి నా కళ్ళలో పొడిచాయి. రాసిందెవడో చెప్పక్కర్లేదు. రెండు బల్లల అవతల ఉన్నాడు.

జవాబు ఏమిటో మీకు తెలిసిపోయింది కదా? నాకూ తెలిసింది. ఇన్నేళ్ళూ తెలియలేదనీ, జవాబే తప్పనీ ఊరంతా చాటాను. అది అబద్ధం. చివరి వాక్యం పూర్తి కాకుండానే తెలిసింది. వాక్యాలు మాత్రమే చూడాలన్న నియమం కూడా గుర్తుంది. 'అనుబంధం' అని నాలుగు అక్షరాలు రాస్తే చాలు.

కలం పెట్టాను. చెయ్యి కదల్లేదు. సూపర్‌వైజరు కుర్చీ కోసం మూడోసారి వచ్చి కూచుని, ఈ కుర్చీకి పనికిరాని మనిషిని నేనే అని నా చేత్తోనే రాయమంటున్నారా? బావ నా కొంప ముంచాడనిపించింది. వాడి మీద నేను రాసింది మాత్రం ఆ క్షణంలో గుర్తు రాలేదు సుమండీ. ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషి నాకు తెలుసు, వీడు అంతేనా? అనుకున్నాను.

'సాధన' అని రాశాను. కారణం: 'రెండుసార్లు తప్పినా పట్టు వదలక మూడోసారి పరీక్ష రాస్తున్నాడు.'

ఎంత హాయిగా అనిపించిందో! ఆ హాయి మూడు వారాలు ఉంది. ప్యాసైపోయానన్న ధీమాతో, ఫలితాలు రాకముందే మాడుగుల వెళ్ళి హల్వా తెచ్చాను. గేటు దగ్గర నిలబడి వచ్చిన ప్రతివాడి చేతిలో ముక్క పెట్టాను. ఆ రోజు నలభై మంది నన్ను చూసి నవ్వారు. నూట నలభై అని ఇదివరకు చెప్పేవాణ్ణి. నలభై కూడా ఉండరేమో.

పెనాల మామ హల్వా నోట్లో వేసుకుని అడిగాడు, "ప్యాసయినావా బేటా?"

"ఇంకా రాలేదు మావా, వచ్చేత్తది."

"అయితే ఇది దేనికి?"

ఆయన మిగిలిన ముక్క కాగితంలో చుట్టి, "ఫలితం వచ్చినాక తింటా," అని పక్కన పెట్టాడు.

ఫలితాలు నోటీసు బోర్డు మీద అంటించారు. బావకి అరవై ఒకటి. నాకు నలభై ఎనిమిది.

నలభై ఎనిమిది! ముప్ఫై వచ్చి ఉంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. రెండు మార్కులు! ఆ రాత్రంతా నిద్రలేదని రాయను, నిద్రపోయాను, కానీ నిద్రలో కూడా పళ్ళు కొరుక్కున్నానని మా ఆవిడ చెప్పింది. ఆదివారం కోసం కాచుకుని లెక్చరరు రైలు దిగే వేళకి స్టేషనులోనే పట్టుకున్నాను. కథలో నేను ఆయన్ని నిలదీసింది ఇక్కడే. నిజంగా జరిగింది ఇది.

"ఏడోది ఒక్కసారి చూడండి సార్. పట్టుదల సాధన కాదాండీ?"

ఆయన బల్ల మీద కూచుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని, సంచీలోంచి నా కాగితం తీశాడు. చదివాడు. నన్ను చూశాడు. మళ్ళీ చదివాడు.

"పట్టుదల సాధనే కావచ్చయ్యా. కానీ ఇందులో పరీక్ష అన్న మాట ఎక్కడుంది?"

నేను ఆయన గొడుగు పిడి వైపు చూశాను.

"రెండుసార్లు తప్పాడని నేను రాయలేదే. మూడోసారి అని కూడా రాయలేదు. ఈ మనిషి మూడోసారి పరీక్ష రాస్తున్నాడని నీకెలా తెలుసు?"

ప్లాట్‌ఫారం మీద బెల్లం బుట్టలు దించుతున్నారు. ఈగలు ముసురుతున్నాయి. ఆయన నా మొహంలో ఏం చూశాడో గానీ, గొంతు తగ్గించాడు.

"ఓహో," అన్నాడు. అంతే.

కాగితం మడిచి సంచీలో పెడుతూ, "ఎవరో రాసి తెచ్చింది పెట్టాను. నువ్వని నాకు తెలియదు. తెలిస్తే పెట్టేవాణ్ణి కాదు," అన్నాడు. "అనుబంధం తక్కువ రకం అవసరం అని నేనెప్పుడూ చెప్పలేదు. మూడింటిలో ఒకటి. ఆ పోస్టుకి అది ఎక్కువైతే కష్టం, అంతే."

"రెండు మార్కులు వెయ్యడం కుదరదాండీ?"

"వేస్తే నువ్వు నన్ను ఇష్టపడతావు. తప్పు జవాబు తప్పే."

గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. నేను నిలబడే ఉన్నాను. నాకు కోపం ఆయన మీద కాదు. బావ మీద కూడా కాదు, అప్పటికి. రెండోసారి చేసిన తప్పే మూడోసారీ చేశానే అని. కాగితంలో ఉన్నది వదిలి, నాకు తెలిసిన మనిషిని రాశాను. పోనీ, ఆ మనిషైనా నాకు సరిగా తెలుసా అంటే, అదీ లేదు.

బావ లేబర్ సూపర్‌వైజరయ్యాడు. మొదటి రోజు షిఫ్టు కూత కూసి పది నిమిషాలయ్యాక గేటులోకి వచ్చాడు. చెరకు బళ్ళు అడ్డం పడ్డాయట. నా గది కిటికీ దగ్గర ఆగాడు.

"కోపమా బావా?"

"నాకేటి కోపం? నీకేవైనా కోపమా?"

"సూసేవా, మళ్ళా అదే అడుగుతున్నావు." నవ్వాడు. నవ్వు ఆపి పుస్తకం వైపు చూపించాడు. "ఏటి రాసేవు నాకు?"

వేళకి వచ్చినట్టు రాశాను. కొత్త సూపర్‌వైజరు, మొదటి రోజు, పైగా నా బావ.

"లేటని రాయి."

"ఎందుకులే బావా, బళ్ళు అడ్డం వచ్చేయి కదా."

"రాయమంటన్నాను. నా పేరు పక్కన లేటని ఉంటే గదా, రేపు మిగతావోళ్ళని నేను అడగ్గలను."

కలం ఎత్తాను. అంతకుముందు వెయ్యిసార్లు వంగిన కలమే. రాద్దామనే అనుకున్నాను, ఒట్టు. వాడు ఒక్క క్షణం చూసి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, కలం నా వేళ్ళలోంచి తీసుకుని, తన పేరు ఎదురుగా తనే రాసుకున్నాడు. కలం తిరిగి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. వాడి వెనకాల వచ్చిన కూలీ, "బాబూ, ఈ ఒక్కపాలి," అన్నాడు.

వేళకి వచ్చినట్టు రాశాను.